తిరిగొచ్చే తేదీ అపరిచితులకు ఎందుకు?

ప్రయాణానికి ముందు ఇంటి విషయంలో ఎంతో జాగ్రత్తపడేవాళ్లు కూడా, మనం లేనప్పుడు వచ్చిన మెయిల్‌కు దానంతట అదే వెళ్లే ఆటో రిప్లై దగ్గరికి వచ్చేసరికి ఆలోచించడం మానేస్తారు. తాళం రెండుసార్లు లాగి చూస్తారు. చీకటి పడగానే ముందుగదిలో లైటు వెలిగేలా టైమర్ పెడతారు. గుమ్మం ముందు ఏవీ పోగుపడకుండా చూడమని ఎవరికో చెబుతారు. ఆ తరువాత మెయిల్ తెరిచి, ఏ తేదీన వెళ్తున్నారో, ఏ తేదీన వస్తారో, ఎవరెవరు కలిసి వెళ్తున్నారో నాలుగు వాక్యాల్లో రాసి, అడిగిన ప్రతివాళ్లకూ ఇచ్చేయమని సర్వర్‌కు అప్పజెబుతారు. ఇంట్లో మనుషులున్నారని నమ్మించడానికి టైమర్, లేరని చెప్పడానికి మెయిల్. రెండూ ఒకే మనిషి ఒకే సాయంత్రం చేసే పనులు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మెయిల్ పంపినవాళ్లకు కావలసింది మీరు ఎప్పుడు తిరిగొస్తారన్నది కాదు, తమకు జవాబు ఎప్పుడొస్తుందన్నది. ఇవి రెండు వేర్వేరు తేదీలు. మనం వాటిని ఒకటిగా రాసేయడం వల్లే ఇంటి సంగతి బయటపడుతోంది. వాటిని విడదీస్తే ఎవరికీ అబద్ధం చెప్పనక్కర్లేదు, మర్యాద తగ్గదు, పనికి నష్టం రాదు. ఇల్లు ఖాళీగా ఉందన్న మాట మాత్రం బయటికి పోదు.

ఇది అందరికంటే ఎక్కువగా పట్టించుకోవలసినవాళ్లు ఇంటి నుంచే పనిచేసుకునేవాళ్లు. లెక్కలు చూసేవాళ్లు, డిజైనర్లు, అనువాదకులు, పాఠాలు చెప్పేవాళ్లు, చిన్నచిన్న వస్తువులు తయారుచేసి అమ్మేవాళ్లు. వాళ్లకు ఆఫీసు చిరునామా, ఇంటి చిరునామా ఒకటే. పెద్ద కంపెనీ ఉద్యోగి "ఆఫీసులో లేను" అంటే ఖాళీ అయ్యేది ఒక కుర్చీ. ఇంట్లోనే ఆఫీసు ఉన్న మనిషి అదే మాట అంటే ఖాళీ అయ్యేది ఇల్లు. అందుకే ఈ వ్యాసంలో వాళ్లనే దృష్టిలో పెట్టుకుంటాను.

దొంగలు మెయిల్ పంపి అడుగుతారా?

ఈ విషయం ఎత్తగానే వచ్చే మొదటి ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే. ఇళ్లలో పడే దొంగల్లో చాలామంది అవకాశం చూసి దూరేవాళ్లు. వాళ్లు బెల్ కొట్టి చూస్తారు, కిటికీ చూస్తారు, గుమ్మం ముందు పేరుకున్న కాగితాలు చూస్తారు. వాళ్లకు మీ మెయిల్ అక్కర్లేదు. ఆటో రిప్లై మార్చినంత మాత్రాన అలాంటి దొంగతనం ఆగిపోతుందని నేను చెప్పను.

భయపడవలసిన మనిషి వేరు. అతనికి మీ ఇల్లు ఎక్కడో ఇప్పటికే తెలుసు. పాత కంప్యూటర్ అమ్మకానికి పెట్టినప్పుడు చూడ్డానికి వచ్చి, గది నిండా ఉన్న పరికరాలు చూసి వెళ్లినవాడు కావచ్చు. ఏదో మరమ్మతుకు ఒకసారి వచ్చినవాడు కావచ్చు. మీ ఇన్‌వాయిస్ మీదున్న చిరునామా చదివినవాడు కావచ్చు. బాకీ దగ్గర గొడవపడి విడిపోయిన పాత క్లయింట్ కావచ్చు. మీరు ఎక్కడుంటారు, ఇంట్లో ఏముంది అన్న రెండు ప్రశ్నలకూ ఇలాంటివాళ్ల దగ్గర జవాబు ఉంది. లేనిది మూడోది: ఎప్పుడు?

చిరునామాను రహస్యంగా ఉంచడం ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు ఎలాగూ సాధ్యం కాదు. అది బిల్లుల మీద ఉంటుంది, పార్సిళ్ల మీద ఉంటుంది, ఎప్పుడో పెట్టిన ప్రకటనలో ఉంటుంది, మ్యాప్‌లో వ్యాపారం పేరుతో ఉంటుంది. ఇన్నాళ్లలో వందలమందికి చేరిపోయిన సమాచారం అది, వెనక్కి తీసుకోలేం. మిగిలిన ఒకే ఒక్క రహస్యం తేదీ. ఆటో రిప్లై బయటపెట్టేది సరిగ్గా దాన్నే.

2010 ఫిబ్రవరిలో 'ప్లీజ్ రాబ్ మీ' అనే వెబ్‌సైట్ వచ్చింది. తాము ఎక్కడున్నామో జనం తమంతట తామే ఫోర్‌స్క్వేర్ అనే యాప్ ద్వారా ట్విట్టర్‌లో పెట్టుకున్న చెకిన్‌లను ఒకచోట చేర్చి, ఈ ఇల్లు ఇప్పుడు ఖాళీ అన్నట్టుగా చూపించేది. హెచ్చరించడానికే ఆ పని చేశారు. దాని తరువాత సోషల్ మీడియాలో ప్రయాణపు ఫొటోలు తిరిగొచ్చాక పెట్టడం చాలామంది అలవాటు చేసుకున్నారు. ఆటో రిప్లై మాత్రం ఆ జాగ్రత్తలోకి రాలేదు, ఎందుకంటే అది ఎక్కడా పోస్టులా కనిపించదు. నిజానికి అది పోస్టు కంటే నమ్మదగిన ఆధారం. ఫొటో ఎప్పటిదో తెలియదు, ఎవరో పాతది పెట్టి ఉండొచ్చు. ఆటో రిప్లై ఇంటి యజమాని స్వయంగా రాసి, ఇవాళ్టి తేదీతో, అడిగిన నిమిషంలో పంపించే ధ్రువీకరణ.

అడగడం ఎంత తేలికో కూడా చూడండి. ఆటో రిప్లైలు ఎలా ప్రవర్తించాలో చెప్పే సాంకేతిక సిఫార్సు ఒకటుంది, 2004లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3834. గ్రహీతల వరుసలో మీ చిరునామా లేకుండా వచ్చిన మెయిల్‌కు జవాబు పంపవద్దని, ఒకే మనిషికి రోజుల వ్యవధిలో పదేపదే పంపవద్దని అది చెబుతుంది. గుంపుగా పంపే చెత్త మెయిల్‌కు జవాబులు వెళ్లకుండా, రెండు యంత్రాలు ఒకదానికొకటి జవాబిచ్చుకుంటూ పోకుండా ఆపడానికి ఇవి పనికొస్తాయి. మీ చిరునామాకు నేరుగా "ఉన్నారా?" అని ఒక్క ముక్క రాసిన మనిషిని ఇవేవీ ఆపవు. అతను మామూలు మనిషి, మామూలు మెయిల్ పంపాడు. జవాబు వెళ్తుంది.

జీమెయిల్‌లో మరో సంగతి ఉంది. అదే మనిషి నాలుగు రోజుల తరువాత మళ్లీ రాస్తే ఆటో రిప్లై మళ్లీ వెళ్తుంది. అంటే మీరు మధ్యలో అనుకోకుండా తిరిగొచ్చారా, ఇంకా బయటే ఉన్నారా అన్నది కూడా అతను సరిచూసుకోవచ్చు.

ఒక మెయిల్‌ను విప్పి చూద్దాం

ఇంటి నుంచి అకౌంట్స్ చూసే ఒక మనిషి 8వ తేదీ ఉదయం కుటుంబంతో బయల్దేరి, 19వ తేదీ రాత్రి తిరిగొస్తారనుకుందాం. మామూలుగా రాసే ఆటో రిప్లై ఇలా ఉంటుంది:

> నమస్కారం. 8 నుంచి 19 వరకు కుటుంబంతో కలిసి విహారయాత్రలో ఉంటాను. మేము వెళ్లేచోట నెట్‌వర్క్ సరిగా ఉండదు, ఫోన్ కూడా కలవకపోవచ్చు. 20వ తేదీ ఉదయం నుంచి అందుబాటులో ఉంటాను. కాగితాలు ఇవ్వవలసినవాళ్లు దయచేసి పక్కింట్లో ఇవ్వండి.

దీని కింద సంతకం: పేరు, వృత్తి, మొబైల్ నంబరు, ఇంటి చిరునామా.

మంచి మనిషి రాసిన మంచి మెయిల్ ఇది. క్లయింట్లు ఇబ్బందిపడకూడదన్న తపన ప్రతి వాక్యంలో ఉంది. ఇప్పుడు దీన్నే మరో కంటితో చదవండి.

"8 నుంచి 19 వరకు" అంటే పదకొండు రాత్రులు. ఏ రాత్రి వస్తే ఇంకా ఎన్ని రాత్రుల సమయం మిగిలి ఉంటుందో లెక్క వేసుకోవచ్చు. 8వ తేదీన వచ్చి చూసి, 10న మళ్లీ వచ్చి, గుమ్మం దగ్గర పెట్టిన చీటీ కదలలేదని నిర్ధారించుకుని, 12న పని పూర్తిచేయవచ్చు. తేదీల్లో ప్రమాదకరమైనది చివరిదే అని నా అభిప్రాయం. ఎప్పటిలోగా ముగించుకోవాలో చెప్పేది అదే.

"కుటుంబంతో కలిసి" అన్న రెండు మాటలు చిన్నవిగా కనిపిస్తాయి. మీరు ఒక్కరే వెళ్లారంటే ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారేమో అన్న అనుమానం మిగులుతుంది. ఆ అనుమానమే చాలామందిని గుమ్మం దగ్గర ఆపుతుంది. ఈ రెండు మాటలు దాన్ని తీసేశాయి. "మేము" అన్న సర్వనామం కూడా అదే పని చేస్తుందని గమనించండి.

"నెట్‌వర్క్ ఉండదు, ఫోన్ కలవదు" అన్నది క్లయింట్‌కు ఇచ్చిన క్షమాపణ. మరొకరికి అది వేరేలా చేరుతుంది: తలుపు దగ్గర కెమెరా పెట్టి ఉన్నా, అది ఫోన్‌కు సందేశం పంపినా, చూసేవాళ్లు ఉండరు. చుట్టుపక్కలవాళ్లకు అనుమానం వచ్చి ఫోన్ చేసినా ఎత్తేవాళ్లు ఉండరు.

"పక్కింట్లో ఇవ్వండి" అన్నది అన్నిటికంటే మోసకారి వాక్యం. అక్కడ ఎవరికో మీ రాకపోకలు తెలుసని, బహుశా తాళంచెవి కూడా వాళ్ల దగ్గరే ఉందని అది సూచిస్తుంది. చేతిలో ఒక కవరు పట్టుకుని వెళ్లి, "సార్ మెయిల్‌లో మీ దగ్గర ఇవ్వమన్నారు" అంటే ఆ ఇంటివాళ్లు నమ్మకపోవడానికి కారణమే లేదు. ఎందుకంటే అది నిజం. మీరే అన్నారు. అక్కడి నుంచి "లోపల ఒక ఫైల్ ఉందట, తీసుకోమన్నారు" అన్న అబద్ధానికి ఒక్క అడుగే దూరం.

ఇక సంతకం. జీమెయిల్‌లో సంతకం పెట్టుకుని ఉంటే అది ఆటో రిప్లై కింద దానంతట అదే చేరుతుంది. రాసేటప్పుడు ఆ పెట్టెలో అది కనిపించదు కాబట్టి చాలామందికి ఈ సంగతి తెలియదు. పైన రాసిన నాలుగు వాక్యాల్లో చిరునామా లేదని నిశ్చింతగా ఉంటారు, కింద సర్వర్ దాన్ని అతికిస్తుంది. అప్పటిదాకా మీ పేరు తప్ప ఏమీ తెలియని మనిషికి కూడా పేరు, ఇల్లు, తేదీలు ఒకే కాగితం మీద దొరుకుతాయి.

ఆన్‌లైన్‌లో వస్తువులు అమ్మేవాళ్లు ఇక్కడ ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. కొన్ని అమ్మకపు సైట్లు కొనేవాళ్లకు మీ అసలు మెయిల్ తెలియకుండా మధ్యలో ఒక మారు చిరునామా పెడతాయి. అది చిరునామాను దాస్తుంది గానీ మీరు రాసిన మాటలను దాయాలని లేదు. ఆటో రిప్లై ఆ దారిలోనే వెనక్కి వెళ్తే, కింద సంతకంలో ఉన్న పేరూ ఇంటి నంబరూ దానితోపాటే వెళ్లవచ్చు.

అదే మెయిల్, తిరగరాస్తే

> నమస్కారం. మీ మెయిల్ అందింది. ప్రస్తుతం జవాబులు మామూలు కంటే ఆలస్యమవుతున్నాయి. మీకు 24వ తేదీలోగా తప్పకుండా జవాబు ఇస్తాను. గడువు ఉన్న పని అయితే సబ్జెక్ట్‌లో 'గడువు' అని, పక్కన తేదీ రాసి మళ్లీ పంపండి. వాటిని ముందు చూస్తాను. కాగితాలు స్కాన్ చేసి మెయిల్‌లోనే పంపండి.

సంతకంలో పేరు, వృత్తి మాత్రమే.

క్లయింట్ ఏం పోగొట్టుకున్నాడో వెతకండి. మెయిల్ చేరిందా? చేరింది. జవాబు ఎప్పుడు? 24లోగా. తొందర పని అయితే? దారి ఉంది. కాగితాలు? దారి ఉంది. మీరు ఎక్కడున్నారు, ఎవరితో ఉన్నారు, ఎందుకు వెళ్లారు అన్నవి పోయాయి. అవి అతను అడగనే లేదు.

24 ఎలా వచ్చిందో చెప్పాలి. తిరిగొచ్చేది 19 రాత్రి. మర్నాటి నుంచి పోగైన మెయిళ్లు చదవడానికి ఎలాగూ మూడు నాలుగు రోజులు పడుతుంది. కాబట్టి 24 అన్నది దొంగ తేదీ కాదు, 20 కంటే నిజాయితీ ఉన్న తేదీ. "20 నుంచి అందుబాటులో ఉంటాను" అని రాసినవాళ్లకు 20 ఉదయమే "చూశారా?" అంటూ మెయిళ్లు వస్తాయి. జవాబు తేదీ ఇస్తే ఆ ఒత్తిడి కూడా తగ్గుతుంది.

'గడువు' అన్న వాక్యాన్ని నిజంగా రోజుకొకసారి ఫోన్‌లో చూడగలిగితేనే పెట్టండి. చూడలేకపోతే మీ బదులు పని చూసే మనిషి మెయిల్ చిరునామా ఇవ్వండి, అదీ ముందుగా వాళ్లనడిగి. మొబైల్ నంబరు కంటే మెయిల్ నయం, ఎందుకంటే మాటల్లో పెట్టి కూపీ లాగడం ఫోన్‌లో తేలిక. "సార్ ఊరికి వెళ్లారట కదా, 19కే వస్తారా లేక ఇంకా పొడిగించారా?" అని చనువుగా అడిగితే, అడిగినవాడికి ఇప్పటికే అంతా తెలుసు కదా అనుకుని అవతలివాళ్లు మిగతాది నింపేస్తారు. బదులు చూసే మనిషికి వెళ్లేముందే ఒక మాట చెప్పి ఉంచాలి: ఎవరడిగినా "వారి పని ఈ వారం నేను చూస్తున్నాను, చెప్పండి" అనడమే జవాబు. ఎక్కడ, ఎప్పటిదాకా అన్నవాటికి "నాకు తెలియదు" చాలు.

కొందరు మరో కొసకు వెళ్లి, "ఇంట్లో మావాళ్లు ఉంటారు, కుక్క ఉంది" అని రాయమంటారు. నేను దీన్ని ఒప్పుకోను. ఆఫీసు మెయిల్‌లో అడగకుండా ఇంటి కాపలా గురించి చెప్పడమే ఏదో దాస్తున్నారన్న సంకేతం. పైగా అది తేల్చుకోవడం ఒక్క బెల్ కొట్టినంత తేలిక. అబద్ధం పట్టుబడితే ఇల్లు ఖాళీ అన్నది రెట్టింపు గట్టిగా తెలుస్తుంది. ఇంటి ప్రస్తావనే లేకుండా రాయడం వేరు, ఇంటి గురించి అబద్ధం రాయడం వేరు.

సబ్జెక్ట్ వరుసను మరిచిపోకండి. లోపల ఎంత జాగ్రత్తగా రాసినా, పైన "20 వరకు సెలవు" అని పెడితే అంతా వృథా. "మీ మెయిల్ అందింది" అన్నది సరిపోతుంది. ఇది యంత్రం పంపిన జవాబని దాచలేం. అవుట్‌లుక్ సబ్జెక్ట్ ముందు దానంతట అదే `Automatic reply:` అని చేరుస్తుంది. పద్ధతి ప్రకారం నడిచే ఆటో రిప్లైలన్నిటి హెడర్‌లో, అంటే మెయిల్‌తోపాటు కనిపించకుండా వెళ్లే సాంకేతిక వివరాల్లో, `Auto-Submitted: auto-replied` అని ఉంటుంది. ఫరవాలేదు. యంత్రం జవాబిచ్చిందంటే మనిషి ఇంట్లో లేడని కాదు, మెయిల్ దగ్గర లేడని మాత్రమే. ఆ తేడాను మన మాటలు చెరిపేయకుండా ఉంటే చాలు.

అందుకే ఆటో రిప్లై తేదీలనూ ప్రయాణపు తేదీలనూ సరిగ్గా కలపకూడదు. పై ఉదాహరణలో 8 నుంచి 19కి బదులు 6 నుంచి 22 వరకు పెట్టండి. ముందు రెండు రోజులు సర్దుకోవడంలో, తరువాతి మూడు రోజులు పోగైన పనిలో జవాబులు నిజంగానే ఆలస్యమవుతాయి. 6వ తేదీన ఎవరికైనా ఆటో రిప్లై వెళ్లి, అరగంటలో మీ జవాబు కూడా వెళితే ఎవరూ ఫిర్యాదు చేయరు. ఇంకా మంచి పద్ధతి, పని ఎక్కువగా ఉన్న వారాల్లో ఊళ్లో ఉన్నప్పుడు కూడా ఇదే మెయిల్‌ను తేదీ మార్చి వాడటం. అప్పుడు ఆటో రిప్లై వచ్చిందన్న ఒక్క సంగతి నుంచి ఎవరూ ఏమీ తేల్చుకోలేరు.

ఎవరికి వెళ్లాలన్నది

మాటలు సరిచేశాక సెట్టింగ్స్. జీమెయిల్‌లో `Settings`లో `See all settings` నొక్కి, `General` ట్యాబ్‌లో చివరి దాకా దిగితే `Vacation responder` కనిపిస్తుంది. `First day`, `Last day` అక్కడ ఇవ్వాలి. జవాబులు మొదటి తేదీ అర్ధరాత్రి 12:00కు మొదలై, చివరి తేదీ రాత్రి 11:59కి ఆగుతాయి. ఈ తేదీలు అవతలివాళ్లకు కనిపించవు, మీరు మెసేజ్‌లో రాసిందే కనిపిస్తుంది. `Last day` పక్కన టిక్ పెట్టకపోతే మీరు ఆపేదాకా జవాబులు వెళ్తూనే ఉంటాయి. కింద `Only send a response to people in my Contacts` అన్న చిన్న పెట్టె ఉంటుంది. దానికి టిక్ పెడితే మీ కాంటాక్ట్స్‌లో లేనివాళ్లకు ఏ జవాబూ వెళ్లదు.

అవుట్‌లుక్ డెస్క్‌టాప్ పాత రూపంలో, ఆఫీసు ఖాతా అయితే, `File` కింద `Automatic Replies` ఉంటుంది. లోపలివాళ్లకు `Inside My Organization`, బయటివాళ్లకు `Outside My Organization` అని రెండు ట్యాబ్‌లు. రెండింట్లో వేర్వేరు మాటలు రాయవచ్చు. బయటివాళ్ల ట్యాబ్‌లో `My Contacts only`, `Anyone outside my organization` అన్న రెండు ఎంపికలుంటాయి. చాలామంది లోపలికి రాసిన మెసేజ్‌నే కాపీచేసి బయటి ట్యాబ్‌లో పెడతారు. ఆ రెండో ట్యాబ్ ఉన్నదే అలా చేయకుండా ఉండటానికి. లోపలి మెసేజ్ విషయంలోనూ, సంస్థ పెద్దదైతే కాంట్రాక్టు మనుషులు సహా వేలమంది ఆ 'లోపల'లో ఉంటారు. తిరిగొచ్చే తేదీ మీ జట్టుకు విడిగా చెప్పుకోవడం మేలు.

కాంటాక్ట్స్‌కు మాత్రమే అన్న ఎంపిక మీద ఒక అభ్యంతరం వస్తుంది: కొత్తగా పని అడిగేవాళ్లకు జవాబు వెళ్లకపోతే వాళ్లు ఇంకొకరి దగ్గరికి పోతారు కదా? సొంతంగా పనిచేసుకునేవాళ్లకు ఇది నిజమైన నష్టమే. అందుకే సెట్టింగ్ కంటే మాటలే ముఖ్యమని నేను పట్టుబడతాను. పైన తిరగరాసిన మెయిల్ ఎవరి చేతిలో పడినా ఫరవాలేదు కాబట్టి దాన్ని అందరికీ పంపవచ్చు. వచ్చే తేదీ రాసే తీరాలనుకునేవాళ్లు మాత్రం కాంటాక్ట్స్‌కు కుదించుకోవాలి. అప్పుడైనా ఒకసారి ఆ జాబితా తెరిచి చూడండి. ఎప్పుడో బీరువా కొనడానికి వచ్చినవాళ్లు, కుళాయి బాగుచేసినవాళ్లు అందులో ఉంటారు. ముందు చెప్పుకున్న మనిషి అపరిచితుడు కానవసరం లేదని గుర్తుంచుకోండి.

వాట్సాప్ బిజినెస్ వాడేవాళ్లకు ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. అందులో `Away message` ఎవరికి వెళ్లాలో ఎంచుకునేచోట `Everyone`, `Everyone not in address book`, `Everyone except...`, `Only send to...` అని నాలుగుంటాయి. రెండోది చూడండి: అడ్రస్ బుక్‌లో లేనివాళ్లకు మాత్రమే. తెలిసినవాళ్లకు ఎలాగూ తెలుసు, కొత్తవాళ్లకే చెబుదామని వ్యాపారులు దీన్ని ఎంచుకుంటారు. జీమెయిల్‌లో ఉన్న రక్షణకు ఇది పూర్తిగా తలకిందులు: తేదీలు కేవలం అపరిచితులకే అందుతాయి. వాట్సాప్ ప్రొఫైల్‌లో వ్యాపారపు చిరునామాగా ఇంటిదే పెట్టుకుని ఉంటే, మెసేజ్ వచ్చిన మనిషి పేరు మీద ఒక్కసారి నొక్కితే అదీ కనిపిస్తుంది. ఇక్కడ కూడా "జవాబు ఆలస్యమవుతుంది, ఫలానా తేదీలోగా ఇస్తాను" అన్న మాటే సరిపోతుంది.

ల్యాండ్‌లైన్ వాయిస్ మెయిల్‌లో "మేము ఊళ్లో లేము" బదులు "ఇప్పుడు ఫోన్ ఎత్తలేకపోతున్నాము" అని ఉంటే చాలు. గూగుల్ క్యాలెండర్‌లో `Out of office` పెట్టేవాళ్లు మీటింగ్ తిరస్కరణతోపాటు వెళ్లే మెసేజ్‌ను కూడా మార్చుకోవాలి. అందులో ముందే నింపి ఉండేది `Declined because I am out of office` అన్న వాక్యం.

వెళ్లేముందు పరీక్ష, వెళ్లాక దిద్దుబాటు

ఏం వెళ్తోందో తెలుసుకోవడానికి ఒక్కటే నమ్మకమైన మార్గం: మీ కాంటాక్ట్స్‌లో లేని మెయిల్ చిరునామా నుంచి మీకు మీరే ఒక మెయిల్ పంపుకోవడం. అది ఇంట్లో ఇంకెవరిదైనా కావచ్చు, కొత్తగా తెరిచినదైనా కావచ్చు. వచ్చిన జవాబును అడుగు దాకా చదవండి. సంతకం చేరిందా, అందులో ఏముంది, సంతకంలోని లింకు నొక్కితే తెరుచుకునే పేజీలో ఇంటి చిరునామా ఉందా? ఉంటే మెసేజ్‌ను కాదు, సంతకాన్ని మార్చాలి. `General` ట్యాబ్‌లోనే `Signature` దగ్గర చిరునామా వరుసను తీసేయండి. సెలవు అయ్యాక కూడా దాన్ని తిరిగి పెట్టవలసిన అవసరం అరుదు. చిరునామా కావలసిన క్లయింట్ అడుగుతాడు, అప్పుడు ఇవ్వవచ్చు.

పరీక్షలో చాలామంది తికమకపడేది ఒకటుంది. మొదటిసారి జవాబు వచ్చి, రెండోసారి పంపితే రాదు. పాడైందేమో అనుకుంటారు. కాదు, ఒకే మనిషికి నాలుగు రోజుల్లో ఒకసారే అన్న నియమం అది. సబ్జెక్ట్‌ను గానీ మెసేజ్‌ను గానీ మార్చి సేవ్ చేస్తే జీమెయిల్ లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది, అప్పుడు అదే చిరునామాకు కొత్త మాటలతో జవాబు వస్తుంది.

ఇప్పటికే బయల్దేరిపోయి, పాత పద్ధతి మెయిల్ వెళ్తూ ఉంటే? ఫోన్‌లో జీమెయిల్ యాప్ సెట్టింగ్స్‌లోనూ ఖాతా పేరు కింద ఈ ఏర్పాటు ఉంటుంది, అక్కడే మార్చేయవచ్చు. మార్చే ముందు ఒక్క క్షణం ఆగి ఆలోచించవలసింది, ఇప్పటికే తేదీలు అందినవాళ్ల సంగతి. పంపినవాటిని వెనక్కి పిలవలేం. ఎవరికి వెళ్లి ఉంటాయో మాత్రం అంచనా వేయవచ్చు. ఆటో రిప్లై మొదలైన రోజు నుంచి ఇన్‌బాక్స్‌లో తెలియని పేర్లను చూడండి. స్పామ్ ఫోల్డర్‌ను వదిలేయవచ్చు, జీమెయిల్ స్పామ్‌గా గుర్తించినవాటికి జవాబు పంపదు. న్యూస్‌లెటర్లు, రసీదులు పక్కన పెట్టండి. మిగిలినవాటిలో విషయమే లేని మెయిళ్లను వెతకాలి: "హలో" అని ఒక్క మాట, ఎప్పుడో అమ్మేసిన వస్తువు గురించి "ఇంకా ఉందా?" అన్న ప్రశ్న, ఏ పనో చెప్పకుండా "ఈ వారం కలవవచ్చా?" అన్న అడుగు. ఇలాంటివి చాలావరకు అమాయకమైనవే. కానీ ఒకే పేరు నుంచి నాలుగైదు రోజుల తేడాతో రెండుసార్లు, రెండుసార్లూ విషయం లేకుండా వస్తే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

అలాంటిది కనిపిస్తే దానికి జవాబు రాసి గదమాయించడం వల్ల లాభం లేదు. ఇల్లు కనిపెట్టుకుని ఉన్నవాళ్లకు ఫోన్ చేయండి. రాత్రి ఒకసారి లోపలికి వెళ్లి రావడం, వేర్వేరు వేళల్లో వేర్వేరు గదుల లైట్లు వేయడం, గుమ్మం ముందు వాహనం నిలపడం, కుదిరితే రెండు మూడు రాత్రులు అక్కడే పడుకోవడం గురించి మాట్లాడండి. మీ పేరు చెప్పి ఎవరొచ్చినా, చేతిలో మీ మెయిల్ ప్రింటు పట్టుకుని వచ్చినా సరే, మీకు ఫోన్ చేసి మీ గొంతు విన్నాకే తలుపు తీయమని చెప్పండి.